పట్టిక చూస్తేనే జవాబు

భూగోళ శాస్త్రంలో దత్తాంశ ప్రశ్న విద్యార్థిని మూడు పనులు చేయమంటుంది. ముందు తనకిచ్చిన పట్టికనో గ్రాఫ్‌నో చదవాలి. తర్వాత అందులోని అంకెల మధ్య సంబంధాన్ని పట్టుకోవాలి. చివరికి ఆ సంబంధానికి కారణం భూమి మీద ఎక్కడుందో చెప్పాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సాంఘిక శాస్త్ర పాఠ్యపుస్తకాలు దీన్ని ‘సమాచార నైపుణ్యాలు’ పేరుతో ఒక విద్యా ప్రమాణంగా పెట్టుకున్నాయి. ‘కింది పట్టికను పరిశీలించి ప్రశ్నలకు జవాబులు రాయండి’ అని ప్రశ్నపత్రంలో కనిపించేది ఈ ప్రమాణం కిందే.

ఇలాంటి ప్రశ్నలు ఎక్కువగా రెండు రకాలుగా చెడిపోతాయి. నెలవారీ వర్షపాతం పట్టిక ఇచ్చి, దాని కింద ‘చెన్నైకి ఏ రుతుపవనాల వల్ల ఎక్కువ వర్షం కురుస్తుంది?’ అని అడగడం మొదటి రకం. పాఠం బట్టీ పట్టిన విద్యార్థి పట్టిక వైపు చూడకుండానే ‘ఈశాన్య రుతుపవనాలు’ అని రాసేస్తాడు. అక్కడ పట్టిక అలంకారానికే మిగిలింది. అదే పట్టిక ఇచ్చి ‘ఏడాది మొత్తం వర్షపాతం ఎంత?’ అని అడగడం రెండో రకం. అది కూడిక లెక్క. చెన్నై ఎక్కడుందో తెలియని పిల్లవాడు కూడా దాన్ని చేసేస్తాడు. అందుకే ప్రశ్న తయారు చేసేవారు ప్రతి ప్రశ్ననూ రెండు పరీక్షలకు పెట్టాలి. పట్టికను చేత్తో మూసేసి జవాబు చెప్పగలిగితే అది జ్ఞాపకశక్తి ప్రశ్న. ఊళ్ల పేర్లు, నెలల పేర్లు చెరిపేసినా జవాబు వస్తే అది గణితం ప్రశ్న. రెంటికీ చిక్కనిదే భూగోళ ప్రశ్న. ప్రశ్నల గుచ్ఛంలో తొలి ఒకటి రెండు ప్రశ్నలు ఈ నియమానికి కొంత లోబడకపోయినా ఫరవాలేదు కానీ, చివరి ప్రశ్న మాత్రం తప్పకుండా లోబడాలి.

ప్రశ్న బాగుండాలంటే ముందు దత్తాంశం బాగుండాలి. అంకెలన్నీ ఒకే తీరుగా పెరుగుతూ పోయే పట్టికలో అడగడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒక క్రమం కనిపించాలి, ఆ క్రమం ఎక్కడో ఒకచోట తప్పాలి. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి భూగోళ పుస్తకంలో పది నగరాల నెలవారీ సగటు ఉష్ణోగ్రత, వర్షపాతం ఇచ్చిన పట్టిక ఒకటి చాలా ఏళ్లుగా బడుల్లో వాడుకలో ఉంది. పది నగరాలనూ ఒకేసారి ముందు పెడితే పిల్లల చూపు చెదిరిపోతుంది. అందులోంచి ఢిల్లీ, చెన్నై వరుసలను మాత్రం విడదీస్తే మంచి ప్రశ్నకు కావలసినదంతా దొరుకుతుంది. కింది అంకెలు సెంటీమీటర్లలో సగటు వర్షపాతాన్ని చెబుతాయి.

| నెల | ఢిల్లీ | చెన్నై |
|---|---|---|
| జనవరి | 2.5 | 4.6 |
| ఫిబ్రవరి | 1.5 | 1.3 |
| మార్చి | 1.3 | 1.3 |
| ఏప్రిల్ | 1.0 | 1.8 |
| మే | 1.8 | 3.8 |
| జూన్ | 7.4 | 4.5 |
| జూలై | 19.3 | 8.7 |
| ఆగస్టు | 17.8 | 11.3 |
| సెప్టెంబరు | 11.9 | 11.9 |
| అక్టోబరు | 1.3 | 30.6 |
| నవంబరు | 0.2 | 35.0 |
| డిసెంబరు | 1.0 | 13.9 |

నెలల అంకెలు కూడితే ఢిల్లీకి 67 సెంటీమీటర్లు, చెన్నైకి 128.7 సెంటీమీటర్లు వస్తాయి. ఇలాంటి పట్టికల్లో ముద్రించిన మొత్తానికీ, నెలలను కూడితే వచ్చే మొత్తానికీ చివరి దశాంశంలో తేడా రావడం మామూలే. ప్రతి అంకెనూ విడిగా సవరించి రాయడం వల్ల అలా జరుగుతుంది. ప్రశ్న ఇచ్చేవారు ముందుగా తామే కూడి చూసుకోవాలి. లేకపోతే పరీక్ష గదిలో జాగ్రత్తగా కూడిన విద్యార్థే అయోమయంలో పడతాడు.

గ్రాఫ్‌లను పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారన్న విషయం మీద అమెరికన్ గణిత విద్యా పరిశోధకురాలు ఫ్రాన్సెస్ కర్షియో 1987లో ఒక వ్యాసం ప్రచురించారు. దత్తాంశాన్ని చదవడం, దత్తాంశం మధ్యలో చదవడం, దత్తాంశాన్ని దాటి చదవడం అని ఆమె మూడు మెట్లు చెప్పారు. భూగోళ ప్రశ్నలకు ఈ మూడు మెట్లు చక్కగా సరిపోతాయి. అయితే మూడో మెట్టు దగ్గర భూగోళ శాస్త్రానికి సొంత అవసరం ఒకటుంది. దత్తాంశాన్ని దాటి ఊహించడంతో పని అయిపోదు, గాలులు, కొండలు, సముద్రం ఉన్న పటంలోకి విద్యార్థి తిరిగి రావాలి.

మొదటి మెట్టు ప్రశ్న సూటిగా ఉంటుంది. ‘చెన్నైలో అత్యధిక వర్షపాతం నమోదైన నెల ఏది? ఎంత?’ విద్యార్థి సరైన నిలువు వరుసలో సరైన అంకెను పట్టుకోగలిగాడా లేదా అన్నది దీనితో తేలిపోతుంది. ఈ ప్రశ్నకు ఎక్కువ మార్కులు ఉండకూడదు, కానీ ప్రశ్న లేకుండానూ పోకూడదు. వెనకబడిన పిల్లవాడికి ఇక్కడ ఒక మార్కు దొరికితే మిగతా ప్రశ్నల వైపు ధైర్యంగా వెళతాడు.

ఈ పట్టికలో అసలు సంపద రెండో మెట్టులో ఉంది. సెప్టెంబరు వరుస చూస్తే రెండు నగరాలకూ అంకె ఒకటే, 11.9. మరుసటి నెలలోనే దారులు వేరైపోయాయి. ఢిల్లీలో 1.3కు పడిపోయింది, చెన్నైలో 30.6కు ఎగబాకింది. కాబట్టి ప్రశ్నను ఇలా రాయవచ్చు: ‘ఢిల్లీ, చెన్నై రెండింటిలోనూ 10 సెంటీమీటర్లకు మించి, సమానంగా వర్షం కురిసిన నెలను గుర్తించండి. తర్వాతి నెలలో ఒక్కో నగరంలో వర్షపాతం ఎలా మారిందో అంకెలతో రాయండి. ఈ తేడాకు కారణం వివరించండి.’ ఇందులో ‘10 సెంటీమీటర్లకు మించి’ అన్న మాట ఊరికే పెట్టింది కాదు. మార్చిలో కూడా రెండు నగరాలకూ 1.3 ఉంది. ఆ మాట లేకపోతే ప్రశ్నకు రెండు సరైన జవాబులు వస్తాయి, మార్చి అని రాసిన విద్యార్థికి మార్కు ఇవ్వక తప్పదు. ప్రశ్న రాసిన మనిషి తనకు కావలసిన జవాబునే చూస్తూ ఉంటాడు గనుక, ఇలాంటి రెండో జవాబులు అతని కంటికి ఆనవు. అందుకే ప్రశ్న రాసిన తర్వాత పట్టికను మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా మళ్లీ ఒకసారి జవాబు కోసమే వెతకాలి.

కారణం అడిగిన భాగానికి జవాబు పాఠంలో ఉంది. నైరుతి రుతుపవనాల అరేబియా శాఖ పడమటి కనుమలకు ఆవలి వైపే చాలా తేమను కురిపించేస్తుంది. బంగాళాఖాతం శాఖ కోరమాండల్ తీరానికి ఇంచుమించు సమాంతరంగా సాగిపోతుంది. అందువల్ల జూన్ నుంచి సెప్టెంబరు వరకు చెన్నైకి దక్కేది తక్కువ. సెప్టెంబరులో వాయవ్య భారతం నుంచి రుతుపవనాలు వెనక్కు మళ్లుతాయి. నేల మీదుగా వీచే పొడి గాలులు ఢిల్లీకి వర్షం తేలేవు. అవే గాలులు బంగాళాఖాతం దాటేటప్పుడు తేమను నింపుకుని ఈశాన్యం నుంచి తీరాన్ని తాకుతాయి. ఆ కాలంలో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు, తుపానులు కూడా తోడవుతాయి. నెల్లూరు జిల్లా పిల్లలకు ఈ కథ సొంత ఊళ్లో కనిపించేదే. చెన్నై మాదిరిగానే వారికీ అక్టోబరు, నవంబరు నెలలే వానాకాలం.

‘కారణం వివరించండి’ అన్న ప్రశ్నలో ఒక షరతు చేర్చడం ఎప్పుడూ మంచిది. ‘మీ జవాబులో పట్టిక నుంచి కనీసం రెండు అంకెలు వాడండి’ అని రాయాలి. ఆ ఒక్క వాక్యంతో బట్టీ జవాబుకూ, చూసి రాసిన జవాబుకూ తేడా తెలిసిపోతుంది. ‘చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వల్ల వర్షం ఎక్కువ’ అన్న వాక్యం ఎవరైనా రాస్తారు. ‘జూన్ నుంచి సెప్టెంబరు వరకు నాలుగు నెలల్లో చెన్నైలో 36.4 సెంటీమీటర్లే కురిస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మూడు నెలల్లోనే 79.5 కురిసింది’ అని రాసిన విద్యార్థి పట్టికను నిజంగా చదివాడు.

మూల్యాంకన సూచనలు కూడా ప్రశ్నతో పాటే రాయాలి. పై ప్రశ్నకు నాలుగు మార్కులనుకుంటే, నెలను గుర్తించినందుకు ఒకటి, మార్పును అంకెలతో చెప్పినందుకు ఒకటి, కారణానికి రెండు ఇవ్వవచ్చు. కారణంలో ఢిల్లీ సంగతికి ఒక మార్కు, చెన్నై సంగతికి ఒక మార్కు. విద్యార్థి మొదటి భాగంలో పొరపాటున ఆగస్టు అని గుర్తించి, తర్వాతి నెల మార్పును ఆగస్టు నుంచే సరిగ్గా లెక్కించాడనుకుందాం. అతనికి రెండో భాగం మార్కు దక్కాలి. ఒక్క తప్పుకు మూడుసార్లు శిక్ష వేయడం న్యాయం కాదు. ఈ సూచన రాతపూర్వకంగా లేకపోతే, వేర్వేరు పేపర్లు దిద్దే ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే జవాబుకు వేర్వేరు మార్కులు వేస్తారు.

దత్తాంశం ఏం చెప్పదో అడిగే ప్రశ్న మన ప్రశ్నపత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది. నిజానికి అన్నింటికంటే విలువైనది అదే. 2015 నవంబరులో చెన్నై నగరంలో 100 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది, ఆ వరదలు దేశమంతా చూసింది. పట్టికలో నవంబరు అంకె 35. అయితే పట్టిక తప్పా? కాదు. ఇది చాలా సంవత్సరాల సగటు. ఏ ఒక్క ఏడాది ఎంత కురిసిందో, ఆ వర్షం ఎన్ని రోజుల్లో పడిందో సగటు చెప్పదు. ‘2015 వరదలు ఈ పట్టికలో ఎందుకు కనిపించవు? వాటిని అర్థం చేసుకోవడానికి ఇంకా ఏ సమాచారం కావాలి?’ అన్న ప్రశ్నకు రోజువారీ వర్షపాతం, ఆ సంవత్సరం అంకెలు, చెరువుల నీటిమట్టాలు అని విద్యార్థి రాయగలిగితే, అతనికి సగటు అంటే ఏమిటో భూగోళం ద్వారా అర్థమైనట్టే.

ఇవే అంకెలను గ్రాఫ్‌గా గీసినప్పుడు వేరే చిక్కులు మొదలవుతాయి. ఒక నెల విలువ కచ్చితంగా కావాలంటే పట్టిక మేలు, ఏడాది పోకడ ఒక్క చూపులో కనబడాలంటే గ్రాఫ్ మేలు. గ్రాఫ్ ఇచ్చి ‘అక్టోబరులో వర్షపాతం ఎంత?’ అని అడిగి 30.6 అనే జవాబు కోసం చూడడం తప్పు. అక్షం మీద గీతలు ఐదేసి సెంటీమీటర్లకు ఉంటే కంటితో ఎవరూ 30.6 చదవలేరు. 29 నుంచి 32 వరకు ఏది రాసినా సరేనని సూచనల్లో ముందే చెప్పాలి, లేదా ప్రశ్నలోనే ‘సుమారుగా’ అన్న మాట చేర్చాలి.

శీతోష్ణస్థితి పాఠంలో ఎక్కువగా వాడే క్లైమోగ్రాఫ్‌లో రెండు నిలువు అక్షాలుంటాయి. ఒక వైపు ఉష్ణోగ్రత, రెండో వైపు వర్షపాతం. ఉష్ణోగ్రత గీతగా, వర్షపాతం దిమ్మెలుగా కనిపిస్తాయి. పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు దిమ్మె ఎత్తును ఉష్ణోగ్రత అక్షం మీద చదవడం. దానికంటే లోతైన పొరపాటు ఇంకొకటి ఉంది. గీత ఒక దిమ్మెను దాటి పైకి పోయిన చోట ఏదో జరిగిందని అనుకుంటారు. గీత, దిమ్మె ఎక్కడ కలుస్తాయన్నది అక్షాలకు ఎంచుకున్న స్కేలును బట్టి ఉంటుంది. స్కేలు మారిస్తే ఆ కలిసే చోటు కూడా మారిపోతుంది. ప్రశ్నలు రాసేవారే కొన్నిసార్లు ‘గీత, దిమ్మె కలిసిన నెల ఏది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు భూగోళంలో అర్థం లేదు. అడగవలసింది వేరే ఉంది. ఇదే పట్టికలో ఢిల్లీ నెలవారీ సగటు ఉష్ణోగ్రత 14.4 నుంచి 33.3 డిగ్రీల వరకు మారితే, చెన్నైది 24.5 నుంచి 33 వరకే మారుతుంది. ఎండాకాలం రెండూ ఇంచుమించు ఒకటే, చలికాలంలోనే తేడా అంతా. చెన్నై పక్కన సముద్రం ఉందన్న సంగతి ఆ గీత వంపులోనే కనిపిస్తుంది.

రెండు నగరాల గ్రాఫ్‌లను పక్కపక్కన ఇచ్చినప్పుడు స్కేలు ఒకటే ఉండాలి. ఢిల్లీ గ్రాఫ్‌ను 20 సెంటీమీటర్ల వరకు, చెన్నై గ్రాఫ్‌ను 40 వరకు గీస్తే, ఢిల్లీ జూలై దిమ్మె చెన్నై నవంబరు దిమ్మెకంటే ఎత్తుగా కనిపిస్తుంది. స్కేలు తేడాను గమనించాడా లేదా అని పరీక్షించడమే ఉద్దేశమైతే అలా ఇవ్వవచ్చు. అనుకోకుండా అలా జరిగితే మాత్రం అది ప్రశ్నపత్రం చేసిన మోసమే. దిమ్మెల గ్రాఫ్‌లో అక్షం సున్నా నుంచే మొదలుకావాలన్నది మరో నియమం. ముద్రణ విషయంలో చెప్పవలసినది కొంచెమే. ప్రశ్నపత్రాలు ఎక్కువగా నలుపు తెలుపుల్లో అచ్చవుతాయి కాబట్టి ఎరుపు, నీలం దిమ్మెలు రెండూ ఒకే బూడిద రంగులో వస్తాయి. ఒకదాన్ని గీతలతో, మరొకదాన్ని చుక్కలతో నింపితే సరిపోతుంది.

బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పు ఎంపికలను ఏవో నాలుగు అంకెలతో నింపేయడం అలవాటుగా మారింది. మంచి ఎంపికలో ప్రతి తప్పు జవాబుకూ ఒక కారణం ఉంటుంది. ‘చెన్నై వార్షిక వర్షపాతంలో అక్టోబరు–డిసెంబరు వాటా సుమారు ఎంత?’ అన్న ప్రశ్నకు 4, 28, 62, 80 శాతం అని ఎంపికలు ఇవ్వవచ్చు. సరైనది 62. నాలుగు శాతం ఎంచుకున్నవాడు ఢిల్లీ వరుస చదివాడు. 28 అన్నవాడు జూన్–సెప్టెంబరు వాటా లెక్కించాడు. 80 అన్నవాడు 79.5 సెంటీమీటర్లను అలాగే శాతం అనుకున్నాడు. పేపర్లు దిద్దాక ఏ తప్పు ఎంతమంది చేశారో చూస్తే, మరునాడు తరగతిలో ఏది మళ్లీ చెప్పాలో ఉపాధ్యాయుడికి తెలిసిపోతుంది.

జనాభా పాఠంలో పట్టిక చదివేటప్పుడు జరిగే తప్పు ఇంకో రకం. జనగణన లెక్కల ప్రకారం భారతదేశ జనాభా 1981లో 68.33 కోట్లు, 1991లో 84.64, 2001లో 102.87, 2011లో 121.09 కోట్లు. దశాబ్ద వృద్ధిరేటు 1981–91లో 23.9 శాతం, 1991–2001లో 21.5, 2001–11లో 17.7 శాతం. వృద్ధిరేటును మాత్రమే గ్రాఫ్‌గా గీస్తే గీత కిందికి దిగుతుంది. దాన్ని చూసి చాలామంది పిల్లలు ‘జనాభా తగ్గుతోంది’ అని రాస్తారు. కాబట్టి ప్రశ్న ఆ తప్పు దగ్గరికే వారిని తీసుకెళ్లాలి: ‘1981–91తో పోలిస్తే 1991–2001లో వృద్ధిరేటు తగ్గింది. అయితే ఆ దశాబ్దంలో అదనంగా చేరిన జనం తగ్గారా? లెక్కించి చెప్పండి.’ మొదటి దశాబ్దంలో 16.3 కోట్లు, రెండో దశాబ్దంలో 18.2 కోట్లు చేరారు. రేటు తగ్గినా చేరిన జనం పెరిగారు, ఎందుకంటే అప్పటికే ఉన్న జనాభా పెద్దది. రేటుకూ పరిమాణానికీ ఉన్న తేడా ఈ ఒక్క లెక్కతో మనసులో నాటుకుంటుంది.

ఈ పట్టికలోనే ప్రశ్న రాసేవారికి ఒక గుంట ఉంది. 2001–11లో చేరిన జనం కూడా 18.2 కోట్లే. అంతకు ముందు దశాబ్దం కంటే అతి కొద్దిగా తక్కువ. ఆ తేడా ఎంత చిన్నదంటే, అంకెలను కోట్లలో ఒక దశాంశానికి సవరిస్తే మాయమైపోతుంది. ‘ఏ దశాబ్దంలో ఎక్కువమంది చేరారు?’ అని ఈ రెండింటి మధ్య అడిగితే జవాబు జనాభా పోకడను బట్టి రాదు, సవరించిన తీరును బట్టి వస్తుంది. అలాంటి చోట అసలు అడగకూడదు. అలాగే 1981లో అస్సాంలోనూ, 1991లో జమ్మూకాశ్మీర్‌లోనూ జనగణన జరగలేదు, ఆ అంకెలు అంచనాలు. పట్టిక కింద మూలం పేరుతో పాటు ఈ సంగతి చిన్న అక్షరాల్లో రాస్తే, అంకెలు ఎక్కడినుంచి వస్తాయో పిల్లలకు తెలుస్తుంది.

ప్రశ్నలో వాడే క్రియ దగ్గర కూడా జాగ్రత్త కావాలి. ‘వర్ణించండి’ అంటే పట్టికలో ఉన్న తీరును చెప్పమని, ‘వివరించండి’ అంటే దానికి కారణం చెప్పమని. ఈ రెండు మాటలను తరగతి గదిలో ఏడాది పొడవునా ఒకే అర్థంతో వాడాలి. ‘చర్చించండి’, ‘విశ్లేషించండి’ అంటే ఏం రాయాలో చాలామంది విద్యార్థులకు తెలియదు. రెండో పేజీ నిండితే చాలనుకుని ఏదో ఒకటి రాస్తారు.

చివరగా, ప్రశ్నను పరీక్షలో పెట్టకముందు నలుగురైదుగురు విద్యార్థులకు ఇచ్చి చూడాలి. సగంమందికి పట్టికతో, సగంమందికి పట్టిక లేకుండా ఇస్తే అసలు సంగతి బయటపడుతుంది. పట్టిక లేనివారు కూడా ఉన్నవారంత బాగా రాస్తే ఆ ప్రశ్నను మార్చాలి. ఉన్నవారిలో బాగా చదివే పిల్లలే తప్పు రాస్తే లోపం ప్రశ్నలోనే వెతకాలి. దత్తాంశం కోసం ఉపాధ్యాయులు దూరం వెళ్లనక్కరలేదు. భారత వాతావరణ శాఖ, జనగణన శాఖ అంకెలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, సొంత జిల్లా వర్షపాతమూ వాటిలో దొరుకుతుంది. గైడ్లలోని పాత పట్టికను మళ్లీ మళ్లీ ఇచ్చే బదులు, ఏడాదికి రెండు కొత్త పట్టికలైనా ఆ అంకెలతో తయారు చేసుకోవాలి. ఒకసారి బయటికి వచ్చిన పట్టికకు జవాబులు కూడా బట్టీ పట్టేస్తారు.